రెండు స్ప్రింగులు, ఒక బరువు: ఏది సమానం?

రెండు గోడల మధ్య ఒక నున్నటి బల్ల. బల్ల మీద ఒక దిమ్మె. ఎడమ గోడకూ దిమ్మెకూ మధ్య ఒక స్ప్రింగు, దిమ్మెకూ కుడి గోడకూ మధ్య మరొకటి. ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో తరచూ కనిపించే బొమ్మ ఇది. స్ప్రింగులు ఒకే వరుసలో ఉన్నాయి కాబట్టి ఇది శ్రేణి సంధానమని చాలామంది లెక్క మొదలుపెడతారు. జవాబు తప్పుతుంది. ఎందుకో తెలియాలంటే స్ప్రింగులు ఎలా అమర్చి ఉన్నాయన్నది కాదు, అవి ఏం పంచుకుంటున్నాయన్నది చూడాలి.

స్ప్రింగును ఎంత బలంతో లాగితే అంతకు తగ్గట్టు సాగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. ఒక మీటరు సాగదీయడానికి ఎన్ని న్యూటన్ల బలం కావాలో చెప్పే సంఖ్యే స్ప్రింగు స్థిరాంకం, k. అది ఎక్కువైతే స్ప్రింగు గట్టిది, తక్కువైతే మెత్తనిది. మన దగ్గర మీటరుకు 20 న్యూటన్ల స్ప్రింగు ఒకటి, 30 న్యూటన్లది ఒకటి, వేలాడదీయడానికి అర కిలో గుండు ఉన్నాయనుకుందాం. గుండు బరువు 4.9 న్యూటన్లు.

ముందు రెండు స్ప్రింగులనూ పక్కపక్కనే కొక్కేలకు తగిలించి, కింది కొసలను ఒక తేలికపాటి బద్దకు కట్టి, గుండును బద్దకు వేలాడదీద్దాం. బద్ద అడ్డంగా నిలిస్తే రెండూ ఒకే పొడవు సాగుతాయి. బరువును మాత్రం పంచుకుంటాయి. ఒక మీటరు సాగాలంటే మొదటిదానికి 20, రెండోదానికి 30, మొత్తం 50 న్యూటన్లు కావాలి. అంటే సమాంతర సంధానంలో స్థిరాంకాలను కూడితే చాలు. గుండు 9.8 సెంటీమీటర్లు దిగుతుంది.

ఇప్పుడు ఒకదాని కింద ఒకటి తగిలిద్దాం. స్ప్రింగుల సొంత బరువును పక్కన పెడితే, కింది స్ప్రింగు మీద పడే 4.9 న్యూటన్లే పై స్ప్రింగు మీదా పడతాయి. ఇక్కడ పంచుకోవడం లేదు, ఇద్దరికీ పూర్తి బరువే. మెత్తనిది 24.5, గట్టిది 16.3 సెంటీమీటర్లు సాగి, గుండు మొత్తం 40.8 సెంటీమీటర్లు దిగుతుంది. 4.9 న్యూటన్లను 0.408 మీటర్లతో భాగిస్తే ఫలిత స్థిరాంకం 12. సూత్రం చెప్పేదీ అదే:

1/k = 1/20 + 1/30 = 1/12

ఫలితం రెంటిలో మెత్తనిదాని కంటే కూడా తక్కువగా రావాలి. రాలేదంటే లెక్కలో ఎక్కడో పొరపాటు ఉన్నట్టే. విద్యుత్ నిరోధాలను శ్రేణిలో కలిపితే కూడతాం కదా అని ఇక్కడా కూడేయడమే సాధారణంగా జరిగే పొరపాటు. స్ప్రింగుల విషయంలో అది తలకిందులవుతుంది.

గుండును కొద్దిగా కిందికి లాగి వదిలితే, ఒకసారి పైకీ కిందికీ ఊగి రావడానికి పట్టే ఆవర్తన కాలం ఇదీ:

T = 2π√(m/k)

సమాంతరంలో k 50 కాబట్టి 0.63 సెకన్లు. శ్రేణిలో k 12 కాబట్టి 1.28 సెకన్లు. అవే స్ప్రింగులు, అదే గుండు. కట్టిన తీరు మారితే ఊపు రెట్టింపు నెమ్మదించింది. ఈ సూత్రంలో గురుత్వం లేదు. గురుత్వం గుండు ఎక్కడ నిలవాలో నిర్ణయిస్తుంది తప్ప ఎంత వేగంగా ఊగాలో నిర్ణయించదు.

ఇక గోడల మధ్య దిమ్మె దగ్గరికి వద్దాం. దాన్ని కుడివైపు ఒక సెంటీమీటరు జరిపితే ఎడమ స్ప్రింగు సరిగ్గా ఒక సెంటీమీటరు సాగి వెనక్కి లాగుతుంది. కుడి స్ప్రింగు అంతే నొక్కుకుపోయి వెనక్కే నెడుతుంది. పొడవులో వచ్చిన మార్పు రెంటికీ సమానం, బలాలు ఒకే దిశలో కూడుతున్నాయి. కాబట్టి ఇది సమాంతర సంధానమే. మన స్ప్రింగులతో, అర కిలో దిమ్మెతో ఆవర్తన కాలం 0.63 సెకన్లే వస్తుంది.

ల్యాబ్‌లో చేసేటప్పుడు రెండు విషయాలు లెక్కను పక్కకు లాగుతాయి. మొదటిది బద్ద ఒరగడం. స్ప్రింగులు వేర్వేరు గట్టివైనప్పుడు గుండును బద్ద మధ్యలో కడితే మెత్తని స్ప్రింగు వైపు వాలుతుంది. అప్పుడు సాగుదలలు సమానం కావు, కూడిక సూత్రం పనిచేయదు. స్ప్రింగుల మధ్య దూరం 10 సెంటీమీటర్లయితే గుండును గట్టిదానికి 4, మెత్తనిదానికి 6 సెంటీమీటర్ల దూరంలో కట్టాలి.

రెండోది స్ప్రింగుల సొంత బరువు. అవీ గుండుతోపాటు ఊగుతాయి కాబట్టి, సమాంతరంలో వాటి ద్రవ్యరాశిలో దాదాపు మూడో వంతును గుండుకు కలపాలి. రెండూ కలిసి 60 గ్రాములుంటే m 520 గ్రాములవుతుంది. అప్పుడు పది ఊపులకు 6.28 బదులు 6.41 సెకన్లు పడుతుంది.

గుండు తీసేశాక స్ప్రింగు పాత పొడవుకు రాకపోతే అది స్థితిస్థాపక అవధి దాటిందని అర్థం. ఆ స్ప్రింగుతో తీసిన కొలతలను వదిలేయాలి.

బొమ్మ ఎంత చిక్కుగా ఉన్నా సూత్రం రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ స్ప్రింగులకు సమానంగా ఉన్నది సాగుదలా, బలమా? సాగుదల సమానమైతే స్థిరాంకాలను కూడండి. బలం సమానమైతే వాటి విలోమాలను కూడండి.