చివరి తేదీ విలువ ఎంత?

ఉద్యోగం మానేసేవాళ్ల లెక్కల్లో జీతం కంటే, గ్రాట్యుటీ కంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండు తేదీలు. ఒకటి చేరిన రోజు, రెండోది ఆఖరి పనిరోజు. ఈ రెండూ కాగితం మీద సరిగ్గా పడితే మిగతాదంతా కూడికలు, తీసివేతలే. చేరిన రోజు ఎలాగూ మారదు. ఆఖరి రోజును మాత్రం రాజీనామా ఇచ్చిన తేదీ, నోటీస్ పీరియడ్, మిగిలిన సెలవులు, పై అధికారి మంచి మనసు, అన్నీ కలిసి అటూ ఇటూ జరుపుతుంటాయి. ఒక్కోసారి ఆ జరుపుడులోనే వేల రూపాయలు పోతాయి. పోయాయన్న సంగతి పోగొట్టుకున్న మనిషికి తెలియను కూడా తెలియదు.

హైదరాబాద్ శివారులో వందమంది పనిచేసే ఒక మందుల కంపెనీ ఉందనుకుందాం. ఈ మూడు నెలల్లో ముగ్గురు మానేస్తున్నారు: ఒక అకౌంటెంట్, ఒక మెషిన్ ఆపరేటర్, ఒక ప్యాకింగ్ సూపర్‌వైజర్. పది మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట గ్రాట్యుటీ చట్టబద్ధమైన హక్కు. 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. అయినా పర్మనెంట్ ఉద్యోగికి అసలు సూత్రం పాతదే. ఆఖరుగా తీసుకున్న బేసిక్, డీఏలను 26తో భాగించి, 15తో, సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. నెలలో ఆదివారాలు పోను 26 పనిరోజులని, ఏడాది సర్వీసుకు అందులో 15 రోజుల వేతనమని దీని భావం. 26 బదులు 30తో భాగించే కంపెనీలు ఇప్పటికీ కనిపిస్తాయి. సెటిల్‌మెంట్ కాగితం చేతికి రాగానే మొదట చూడాల్సింది ఆ అంకెనే.

అకౌంటెంట్ సంగతి చూద్దాం. చేరింది 2014 జూలై 14న. బేసిక్, డీఏ కలిపి 31,200 రూపాయలు, మొత్తం జీతం 56,000. 2025 డిసెంబర్ 2న రాజీనామా ఇచ్చాడు. నియామక పత్రంలో నోటీస్ 60 రోజులని ఉంది. మర్నాటి నుంచి లెక్కపెడితే డిసెంబర్‌లో 29 రోజులు, జనవరిలో 31. అంటే జనవరి 31తో సరిగ్గా 60 పూర్తవుతాయి. అదే పత్రంలో ‘రెండు నెలలు’ అని ఉంటే ఆఖరి రోజు ఫిబ్రవరి 2 అయ్యేది. రోజులా, నెలలా అన్నది ఎవరి పత్రంలో వాళ్లు చూసుకోవాలి. పక్క సీటు మనిషి పత్రం చూసి లాభం లేదు.

జనవరి 31 వరకు ఉంటే అతని సర్వీసు 11 ఏళ్ల 6 నెలల 18 రోజులు. ఆరు నెలలకు మించిన భాగాన్ని నిండు సంవత్సరంగా లెక్కించాలని చట్టం చెబుతోంది. కాబట్టి 12 ఏళ్లు. 31,200ను 26తో భాగిస్తే 1,200, దాన్ని 15తో గుణిస్తే ఏడాదికి 18,000. పన్నెండేళ్లకు 2,16,000 రూపాయలు. 30తో భాగించి ఉంటే ఇదే మొత్తం 1,87,200కు దిగిపోయేది.

ఇప్పుడు కథలో మలుపు. కొత్త కంపెనీవాళ్లు తొందరపెడుతున్నారని జనవరి 10నే పంపించేయమని అడిగాడు. మేనేజర్ కూడా సరేనన్నాడు. ఇద్దరూ ఆలోచించింది నోటీసులో తగ్గిన 21 రోజుల గురించే. ఆ రోజులకు బేసిక్, డీఏ మీద కోత పడితే 21,840 రూపాయలు, మొత్తం జీతం మీద పడితే 39,200. ఏది వర్తిస్తుందో కూడా నియామక పత్రమే చెబుతుంది. ఎవరికీ తట్టనిది వేరే ఉంది. జనవరి 10 నాటికి సర్వీసు 11 ఏళ్ల 5 నెలల 28 రోజులే. ఆరు నెలలు దాటలేదు కాబట్టి గ్రాట్యుటీ 11 ఏళ్లకే వస్తుంది, అంటే 1,98,000. కోత కాక ఇంకో 18,000 పోయింది. జనవరి 13న వెళ్లినా ఇంతే, ఎందుకంటే ఆ రోజుకు ఆరు నెలలు నిండుతాయే గాని దాటవు. 14 సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుంటే చాలు, పన్నెండో ఏడు వచ్చేస్తుంది.

సెలవుల విషయంలోనూ ఇదే చిక్కు. ఇతనికి 21 రోజుల ఆర్జిత సెలవు మిగిలి ఉందనుకోండి. ‘నోటీసులో సర్దుతాం’ అని కంపెనీ అంటుంది. ఆ మాటను రెండు రకాలుగా అమలు చేయొచ్చు. జనవరి 11 నుంచి 31 వరకు సెలవు మంజూరు చేస్తే మనిషి ఇంట్లో ఉన్నా రిజిస్టరులో ఉద్యోగే. ఆఖరి రోజు 31. అలా కాకుండా సెలవుల డబ్బును కోతకు చెల్లు వేసి 10నే రిలీవ్ చేస్తే సర్వీసు ఆ రోజుతో ఆగిపోతుంది. రెండింటిలోనూ సెలవులు కరిగిపోతాయి. గ్రాట్యుటీలో మాత్రం 18,000 తేడా. అందుకే ‘సర్దుబాటు’ అన్న మాట వినపడగానే రిలీవింగ్ లెటర్‌లో ఏ తేదీ వేస్తారని అడగాలి.

మెషిన్ ఆపరేటర్ విషయంలో మేనేజర్ తప్పేమీ లేదు, కంప్యూటర్‌ను అడిగిన తీరులో ఉంది. చేరింది 2021 మార్చి 1న. జనవరి 29న రాజీనామా ఇచ్చి, 30 రోజుల నోటీసు పూర్తి చేసి, 2026 ఫిబ్రవరి 28 సాయంత్రం వెళ్లిపోయాడు. వేళ్ల మీద లెక్కపెట్టినా నిండా ఐదేళ్లు. కానీ పేరోల్ గుమస్తా ఎక్సెల్‌లో చేరిన తేదీని, వెళ్లిన తేదీని అలాగే ఇస్తే నాలుగు అని వస్తుంది. ఎక్సెల్ ఒక తేదీ నుంచి ఇంకో తేదీకి ఉన్న దూరాన్ని కొలుస్తుంది, ఆఖరి రోజు చేసిన పనిని కలపదు. కాబట్టి వెళ్లిన తేదీకి ఒకటి కూడాలి. B గడిలో చేరిన తేదీ, C గడిలో ఆఖరి పనిరోజు, G గడిలో బేసిక్, డీఏ ఉన్నాయనుకుంటే వరుసగా D, E, F గడుల్లో రాయాల్సినవి ఇవి:

```
D2: =DATEDIF(B2,C2+1,"y")
E2: =D2+IF(C2+1>EDATE(B2,12*D2+6),1,0)
F2: =IF(D2>=5,MIN(G2*15/26*E2,2000000),0)
```

మొదటిది నిండిన ఏళ్లు, రెండోది ఆరు నెలల నియమం కలిపిన ఏళ్లు, మూడోది 20 లక్షల చట్టపరమైన పరిమితికి లోబడిన గ్రాట్యుటీ. ఆపరేటర్ బేసిక్, డీఏ 18,200. రోజుకు 700, ఏడాదికి 10,500, ఐదేళ్లకు 52,500 రూపాయలు. ఆ +1 మరిచిపోతే అర్హతే లేదని తేలి మొత్తం సున్నా అవుతుంది. పట్టిక సిద్ధం చేసేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. అర్హతను D చూసి తేల్చాలి, E చూసి కాదు. E చూస్తే నాలుగేళ్ల ఏడు నెలలు కూడా ఐదుగా మారిపోయి, అర్హత లేనివాళ్లకూ డబ్బు చూపిస్తుంది. ఆరు నెలల నియమం ఎంత ఇవ్వాలో చెప్పేది. ఇవ్వాలా వద్దా అన్నది చెప్పేది కాదు.

తేదీలు ఎక్కించేటప్పుడే జరిగే పొరపాట్లు మరో రెండున్నాయి. 03/06 అని కొడితే కొన్ని కంప్యూటర్లు జూన్ 3గా, కొన్ని మార్చి 6గా తీసుకుంటాయి. నెలను అక్షరాల్లో రాస్తే ఈ బాధ ఉండదు. రెండోది ఇంకా చెడ్డది. ప్రొబేషన్ ముగిసి ఉద్యోగం ఖాయమైన తేదీని చేరిన తేదీగా వేసేస్తారు. ప్రొబేషన్ కూడా సర్వీసే. ఆ ఆరు నెలలు ఎగరగొట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇక ప్యాకింగ్ సూపర్‌వైజర్. ఈమెది మాత్రం ఎక్సెల్ ఒంటరిగా తేల్చలేని కేసు. చేరింది 2021 జూన్ 16న, ఆఖరి రోజు 2026 మార్చి 15. నాలుగేళ్ల తొమ్మిది నెలలు. పై పట్టిక సున్నా చూపిస్తుంది. కానీ ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాది నిరంతర సర్వీసు ఉన్నట్టేనని చట్టంలోనే ఉంది. దీన్ని ఆధారం చేసుకుని, నాలుగేళ్లు నిండి ఐదో ఏట 240 రోజులు పనిచేసినవారికి గ్రాట్యుటీ ఇవ్వాలని మెట్టూర్ బియర్డ్‌సెల్ కేసులో మద్రాస్ హైకోర్టు చెప్పింది. ఈ లెక్కను ఒప్పుకుని ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, ఐదేళ్లంటే ఐదేళ్లేనని పట్టుబట్టేవీ ఉన్నాయి. నా మట్టుకు చట్టం మాటలకు మద్రాస్ తీర్పే దగ్గరగా ఉందనిపిస్తుంది.

ఆమె ఐదో ఏడు 2025 జూన్ 16న మొదలైంది. అప్పటి నుంచి మార్చి 15 వరకు క్యాలెండర్‌లో 273 రోజులు. అందులో జీతం వచ్చే సెలవులు పనిరోజులతో సమానమే. జీతం నష్టపోయి పెట్టిన సెలవులు అలా కావు. ఇంట్లో ఎవరికో బాగోలేక ఆమె 40 రోజులు అలాంటి సెలవు పెట్టి ఉంటే మిగిలేది 233. ఏడు రోజులు తక్కువ. ఈమె అడగాల్సింది హాజరు పట్టీ. అది చూడకుండా ‘వస్తుంది’ అన్నా, ‘రాదు’ అన్నా గాలిమాటే. ఉద్యోగి మరణించినా, అంగవైకల్యంతో పనికి దూరమైనా ఈ ఐదేళ్ల షరతే లేదు. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగులకు కొత్త కోడ్ ప్రకారం ఏడాది సర్వీసుకే దామాషాగా గ్రాట్యుటీ వస్తుంది. వాళ్ల పేర్లు జాబితాలో ఉంటే ఐదేళ్ల సూత్రం పక్కన పెట్టాలి.

కొత్త కోడ్ తెచ్చిన మరో మార్పు వేతనం నిర్వచనంలో ఉంది. బేసిక్‌ను బాగా తగ్గించి అలవెన్సులు గుప్పించే అలవాటు మన కంపెనీలకు పాతదే. ఇప్పుడు అలవెన్సుల వంటివి మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలిపి లెక్క కట్టాలి. మన అకౌంటెంట్‌కు బేసిక్, డీఏ సగం పైనే ఉన్నాయి కాబట్టి తేడా రాలేదు. నలభై వేల జీతంలో బేసిక్ పన్నెండు వేలే ఉన్నవారికి మాత్రం చాలా తేడా వస్తుంది.

నోటీసు కోతను గ్రాట్యుటీలోంచి పట్టుకోవడం కొన్నిచోట్ల రివాజు. అది కుదరదు. ఉద్యోగి చేసిన నష్టానికో, తీవ్రమైన దుష్ప్రవర్తనకో ఉద్యోగంలోంచి తొలగించిన సందర్భాల్లోనే గ్రాట్యుటీని ఆపడానికి చట్టం ఒప్పుకుంటుంది. నోటీసు పూర్తి చేయకపోవడం ఆ జాబితాలో లేదు. ఆ బాకీని జీతం నుంచో, సెలవుల డబ్బు నుంచో సర్దుకోవాల్సిందే.

రాజీనామా రాయబోయేవారికి ఒక మాట. నియామక పత్రం తీసి, చేరిన తేదీకి ఐదేళ్లు ఎప్పుడు నిండుతాయో, అవి దాటినవారైతే ఈ ఏడాది ఆరు నెలలు ఏ రోజుతో దాటుతాయో కాగితం మీద రాసుకోండి. నోటీసు ఆ తేదీకి అవతల ముగిసేలా రాజీనామా తేదీ వేయండి. వెళ్లాక జీతం బకాయిలు రెండు పనిరోజుల్లో, గ్రాట్యుటీ 30 రోజుల్లో మీ చేతికి రావాలి. గడువు దాటితే వడ్డీతో సహా ఇప్పించమని కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.