స్లాబు రోజున కాంట్రాక్టరు జేబు

స్లాబు పోసే రోజు సైటులో పండగలా ఉంటుంది. ఇంటివాళ్లు కొబ్బరికాయ కొడతారు, కూలీలకు భోజనాలు పెడతారు, మేస్త్రీకి పంచెల చాపు పెట్టేవాళ్లూ ఉంటారు. ఆ సందట్లో చాలాసార్లు అందరికంటే ఖాళీ జేబుతో తిరిగేది కాంట్రాక్టరే. అలాగని ఆయనకు పనిలో నష్టమేమీ రాలేదు. చివరికి లాభమే మిగులుతుంది. కానీ ఆ లాభం వచ్చేది ఎప్పుడో గృహప్రవేశం నాటికి, ఇనుము కొట్టువాడికీ కూలీలకూ డబ్బు కావలసింది ఈ శనివారానికి. చిన్న కాంట్రాక్టర్లు పని మధ్యలో చతికిలపడటానికి రేటు తక్కువగా ఒప్పుకోవడం ఎంత కారణమో, డబ్బు ఏ స్టేజికి ఎంత రావాలో సరిగా రాసుకోకపోవడమూ అంతే కారణం.

ఒక లెక్క చూద్దాం. 1,500 చదరపు అడుగుల ఒక అంతస్తు ఇల్లు, మెటీరియల్‌తో కలిపి అడుగుకు రూ.2,000 చొప్పున మొత్తం రూ.30 లక్షలకు ఒప్పందం అనుకుందాం. రేట్లు ఊరిని బట్టి మారతాయి, లెక్క నడిచే తీరు మాత్రం మారదు. కాంట్రాక్టరుకు నిజంగా అయ్యే ఖర్చు రూ.26.4 లక్షలు, మిగిలేది 3.6 లక్షలు. ఆ ఖర్చులో పునాది తవ్వకం నుంచి ప్లింత్ బీము దాకా 5 లక్షలు, పిల్లర్లూ స్లాబూ కలిపి 6.6 లక్షలు, గోడలకు 3.6, ప్లాస్టరింగుకు 3.9, ఫ్లోరింగూ తలుపులూ కిటికీలకు 4.8, చివరి రంగులూ ఫిట్టింగులకు 2.5 లక్షలు.

ఇంటాయన తన వైపు నుంచి ఒక కాగితం రాసిస్తాడు. అడ్వాన్సు 3 లక్షలు. ప్లింత్ అయ్యాక 4.5, స్లాబు అయ్యాక 6, గోడలయ్యాక 4.5, ప్లాస్టరింగ్ అయ్యాక 4.5, ఫ్లోరింగ్ అయ్యాక 4.5, తాళం చేతికిచ్చాక 3 లక్షలు. చూడటానికి న్యాయంగానే ఉంది, కూడితే 30 లక్షలు సరిపోతాయి. కాంట్రాక్టరు సంతకం పెట్టేస్తాడు.

ఇప్పుడు అదే కాగితం పక్కన ఖర్చులు వేసి చూడండి. అడ్వాన్సు 3 లక్షలతో మొదలుపెట్టి 5 లక్షల పునాది పని చేస్తే, ప్లింత్ డబ్బు అందేలోపు 2 లక్షలు సొంతంగా పెట్టాలి. 4.5 లక్షలు వచ్చాక చేతిలో 2.5 మిగులుతాయి. ఆ 2.5 పెట్టుకుని 6.6 లక్షల స్లాబుకు దిగాలి. కాంక్రీటు పోసిన సాయంత్రానికి ఆయన 4.1 లక్షల లోతులో ఉంటాడు. మొత్తం పనిలో అంతకంటే లోతైన గుంట ఇంకెక్కడా లేదు. ఆయన లాభమే 3.6 లక్షలు, అంటే స్లాబు రోజున చేతి నుంచి పెట్టాల్సింది లాభం కంటే ఎక్కువ.

ఆ 4.1 లక్షలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు రూ.8,200. నిజం చెప్పాలంటే కాంట్రాక్టరును ముంచేది ఈ వడ్డీ కాదు. చేతిలో డబ్బు లేనివాడు ఇనుమును అరువుకు తెచ్చుకోవాలి, అరువు రేటు మీద బేరమాడలేడు. ఒక శనివారం బట్వాడా తప్పితే మేస్త్రీ తన మనుషుల్ని తీసుకుని ఇంకో సైటుకు వెళ్లిపోతాడు, మళ్లీ పిలిస్తే రెండు వారాలకు గానీ రాడు. ఇంటి అద్దె కట్టుకుంటూ ఎదురుచూస్తున్న యజమాని విసుక్కుంటాడు, తర్వాతి డబ్బు ఇవ్వడానికి వెనకాడతాడు. అసలు దెబ్బ ఇదీ.

దీనికి మందు రేటు పెంచమని అడగడం కాదు, అడ్వాన్సు ఎక్కువ అడగడమూ కాదు. పెద్ద స్టేజిని రెండుగా చీల్చడం. స్లాబు పనిలో పిల్లర్లకూ సెంట్రింగుకూ ఇనుము కట్టడానికీ కలిపి 4.2 లక్షలు అవుతాయి, కాంక్రీటుకు 2.4 లక్షలు. కాబట్టి స్లాబుకు ఇచ్చే 6 లక్షల్లో 3 లక్షలు ఇనుము కట్టడం పూర్తయి ఇంజనీరు చూసిన రోజున, మిగతా 3 లక్షలు కాంక్రీటు పోశాక అని రాసుకోవాలి. అప్పుడు ఇనుము కట్టేనాటికి గుంట 1.7 లక్షలు. డబ్బు వస్తుంది, కాంక్రీటు పోస్తాడు, గుంట 1.1 లక్షలు, మళ్లీ డబ్బు వస్తుంది. ప్లింత్ స్టేజిని కూడా ఇలాగే ఫుటింగులయ్యాక 2 లక్షలు, ప్లింత్ బీము అయ్యాక 2.5 లక్షలు అని విడదీస్తే అక్కడి గుంట దాదాపు పూడిపోతుంది. యజమాని ఇచ్చే మొత్తం ఒక్క రూపాయి పెరగలేదు. అయినా కాంట్రాక్టరు సమకూర్చుకోవాల్సిన సొంత డబ్బు 4.1 లక్షల నుంచి 1.7 లక్షలకు దిగింది.

ఇందులో యజమానికీ ఒక లాభం ఉంది. ఇనుము పైకి కనిపించేది కాంక్రీటు పడేదాకానే. డబ్బు ఇచ్చే ముందు ఇంజనీరును పిలిచి రాడ్ల మందం, వాటి మధ్య దూరం, కింద కవర్ బ్లాకులు ఉన్నాయో లేదో చూపించుకోవడానికి ఆ స్టేజి చేతిలో పగ్గంలా ఉంటుంది.

యజమాని భయం మరొకటి: డబ్బు ముందే ఇచ్చేస్తే కాంట్రాక్టరు దాన్ని ఇంకో సైటులో పెట్టేస్తాడని. ఆ భయం ఉత్తిది కాదు, ఊరూరా జరిగేదే. అందుకే ఏ రోజు చూసినా ఇచ్చిన డబ్బూ జరిగిన పని విలువా దగ్గరదగ్గరగా ఉండాలి. మన లెక్కలో స్లాబు పడ్డాక యజమాని ఇచ్చింది 13.5 లక్షలు. అప్పటికి జరిగిన పనికి కాంట్రాక్టరు లాభం కలిపి విలువ కడితే సుమారు 13.2 లక్షలు. తేడా 30 వేలు, ఇద్దరూ నిశ్చింతగా నిద్రపోవచ్చు. ఆ తేడా మూడు నాలుగు లక్షలైతే మాత్రం ఎవరో ఒకరు అప్పు ఇస్తున్నట్టే లెక్క.

అంకెల తర్వాత గొడవ మాటల దగ్గర వస్తుంది. ‘స్లాబు అయ్యాక’ అంటే ఎప్పుడు? కాంక్రీటు పోసిన రోజా, సెంట్రింగ్ విప్పిన రోజా? ఐఎస్ 456 కోడ్ ప్రకారం మామూలు సిమెంటు వాడినప్పుడు, 4.5 మీటర్ల లోపు నిడివి ఉన్న స్లాబు కింద పోట్లు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బీముల కింద ఇంకా ఎక్కువే. అంటే ఒక్క మాట స్పష్టంగా లేకపోతే 3 లక్షలు రెండు వారాలు ఆగిపోతాయి. పైగా డబ్బు కోసం పోట్లు తొందరపడి లాగే ప్రమాదం ఉంది, అది ప్రాణాల మీదికి వచ్చే పని. ప్లాస్టరింగ్ అంటే లోపలా, బయటా, రెండూనా? కరెంటు పని యజమాని వేరేవాళ్లకు ఇచ్చుకుని, వాళ్లు గోడల్లో పైపులు వేయకుండా నెల రోజులు నానిస్తే ప్లాస్టరింగ్ మొదలవదు, డబ్బూ రాదు. తప్పు ఎవరిదైనా గుంట కాంట్రాక్టరుదే. కాబట్టి ‘యజమాని వైపు పని వల్ల 10 రోజులకు మించి ఆగితే, అప్పటిదాకా జరిగిన పనికి కొలతల ప్రకారం ఇవ్వాలి’ అని ఒక్క వాక్యం ఉండాలి.

స్టేజి పూర్తయిన రోజూ డబ్బు చేతికొచ్చిన రోజూ ఒకటి కావు. బ్యాంకు లోనుతో కట్టే ఇంటికి సాధారణంగా యజమాని తన వాటా ముందు పెట్టాలి, తర్వాత బ్యాంకు మనిషి వచ్చి చూశాకే విడత విడుదలవుతుంది. బ్యాంకు స్టేజిలు వేరు, ఒప్పందంలో స్టేజిలు వేరు అయితే మధ్యలో నలిగేది కాంట్రాక్టరు. సంతకానికి ముందే బ్యాంకు విడతల కాగితం అడిగి పక్కన పెట్టుకోవాలి. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లకు ప్రకటించిన రూ.5 లక్షల్లో మొదటి లక్ష కూడా బేస్‌మెంట్ పూర్తయ్యాకే వస్తుంది. అలాంటి ఇల్లు ఒప్పుకునే మేస్త్రీకి, ఆ బేస్‌మెంట్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నదే మొదటి ప్రశ్న.

జీఎస్టీ సంగతి చాలామంది చివర్లో తలుచుకుంటారు. నిర్మాణ కాంట్రాక్టు సేవ కింద వస్తుంది, మన రెండు రాష్ట్రాల్లోనూ ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. ఈ ఒక్క ఇల్లే ఆ గీత దాటుతుంది. మామూలు పద్ధతిలో 18 శాతమంటే 30 లక్షల మీద 5.4 లక్షలు. ఇనుము, సిమెంటు మీద కట్టిన పన్ను అందులోంచి తగ్గినా, రేటులో జీఎస్టీ కలిసి ఉందో విడిగానో రాసుకోకపోతే 3.6 లక్షల లాభం దానికే పోతుంది. ఇంకో ఇబ్బందీ ఉంది. స్టేజిని బట్టి డబ్బు రావాలని ఒప్పందం ఉన్నప్పుడు స్టేజి పూర్తయ్యేసరికి బిల్లు వేయాలి. నెల నెలా రిటర్ను వేసేవాళ్లు పన్ను మరుసటి నెల 20వ తేదీకి కట్టాలి, యజమాని డబ్బు ఇచ్చాడా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు.

ఫ్లోరింగ్ డబ్బు వచ్చాక మన కాంట్రాక్టరు చేతిలో 3.1 లక్షలు ఉంటాయి. హమ్మయ్య, లాభం కనపడుతోంది అనిపిస్తుంది. అందులో 2.5 లక్షలు రంగులవీ ఫిట్టింగులవీ. అసలు లాభంలో 3 లక్షలు చివరి బిల్లులోనే ఉన్నాయి. ఆ బిల్లు ఎక్కడ ఇరుక్కుంటుందో అందరికీ తెలుసు: ముహూర్తం దాటకూడదని రెండో కోటు రంగు పడకుండానే గృహప్రవేశం అవుతుంది, సామాను చేరుతుంది, ఆ తర్వాత “ఆ బాత్రూమ్ కుళాయి సంగతి చూడు, మిగతాది ఇద్దాంలే” అన్న మాట మొదలవుతుంది. దీన్నీ ముందే చీల్చాలి. గృహప్రవేశానికి ముందు 2 లక్షలు, మిగిలిన చిన్న పనుల జాబితా ఇద్దరూ సంతకం చేసి అవి పూర్తయ్యాక 50 వేలు, మొదటి వానాకాలం గడిచి స్లాబు కారలేదని తేలాక 50 వేలు. వానాకాలం దాకా ఆగే సొమ్ము ఉందంటే యజమాని ముందటి 2 లక్షలకు అంతగా బిగుసుకోడు.

ఇవన్నీ చూసుకోవడానికి ఒక నోటు పుస్తకం చాలు. వారానికి ఒక వరుస: చేతిలో ఉన్నది, రావలసింది, బట్వాడా, మెటీరియల్, మిగిలేది. రావలసిన డబ్బును స్టేజి పూర్తయ్యే వారంలో కాకుండా, బ్యాంకుకు పట్టే రోజులు కలిపి రెండు వారాల తర్వాతి వరుసలో రాయాలి. చివరి గడి ఎక్కడ మైనస్ అవుతుందో నెల ముందే తెలుస్తుంది, తెలిసిన నెలలో అడిగే అప్పు కూడా చవగ్గా దొరుకుతుంది. రెండు సైట్లు ఉన్నవాళ్లు రెంటికీ ఒకే పుస్తకం పెట్టాలి. పాత పద్ధతిలో రెండు స్లాబులు ఒకే వారంలో పడితే కావలసింది 8.2 లక్షలు, చీల్చిన స్టేజిలతో 3.4 లక్షలు. రెండో సైటుకు ముగ్గు పోసే రోజును నెల వెనక్కి జరిపితే ఆ రెండు గుంటలూ ఒకే వారంలో పడవు.