మూడు వృత్తాలు, ఆరు బాణాలు

కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి. మూడు వృత్తాలు గీసి వాటికి క, ఖ, గ అని పేర్లు పెట్టండి. మొదలు 'క' దగ్గర అని గుర్తుగా, బయటి నుంచి దాని మీదికి చిన్న బాణం వేయండి. 'గ' చుట్టూ మరో గీత చుట్టండి. ఈ బొమ్మకు 0, 1 అంకెల వరసను ఒక్కో అంకె చొప్పున ఇస్తాం. అంకెలన్నీ అయిపోయాక ఈ జోడు గీతల వృత్తంలో ఉంటే అంగీకారం, ఇంకెక్కడ ఉన్నా తిరస్కారం.

ఇక దారులు. 'క'లో ఉండగా 0 వస్తే 'ఖ'కు వెళ్లాలి, 1 వస్తే అక్కడే ఉండాలి. 'ఖ'లో 0 వస్తే కదలక్కర్లేదు, 1 వస్తే 'గ'కు. 'గ'లో 0 వస్తే 'ఖ'కు, 1 వస్తే 'క'కు. ప్రతి వృత్తం నుంచీ 0కి ఒకటి, 1కి ఒకటి, మొత్తం ఆరు బాణాలు. ఈ బొమ్మే ఫైనైట్ ఆటోమేటన్. వృత్తాలను స్థితులు అంటారు.

1001 ఇచ్చి చూద్దాం. వేలు 'క' మీద పెట్టండి. 1 వచ్చింది, అక్కడే ఉన్నాం. 0తో 'ఖ'. ఇంకో 0, మళ్లీ 'ఖ'. చివరి 1తో 'గ'. అంగీకారం. ఇప్పుడు 0110. 'ఖ', 'గ', 'క', 'ఖ'. తిరస్కారం. విద్యార్థులు జారిపడేది ఇక్కడే: దారిలో 'గ'ను తాకాం కదా, చాలదా అంటారు. చాలదు. మధ్యలో ఎన్నిసార్లు తాకినా లెక్కలోకి రాదు, ఎక్కడ ఆగామన్నదే లెక్క. ఇంకో నాలుగు వరసలు నడిపితే గుట్టు మీకే తెలుస్తుంది: 01తో ముగిసే వాటినే ఈ బొమ్మ ఒప్పుకుంటుంది. 'ఖ' అంటే 'ఇప్పుడే 0 చూశాను' అని, 'గ' అంటే 'చివర 01 చూశాను' అని. ఈ యంత్రానికి జ్ఞాపకమంటే తానున్న వృత్తమే, వేరే చిత్తు కాగితం లేదు.

మరి ఇంత మతిమరుపు యంత్రం, ఎంత పొడవైన బైనరీ సంఖ్య ఇచ్చినా అది మూడు గుణిజమో కాదో చెప్పగలదా? చెప్పగలదు. సంఖ్య మొత్తం గుర్తుండక్కర్లేదు, మూడుతో భాగిస్తే మిగిలే శేషం గుర్తుంటే చాలు. శేషాలు 0, 1, 2 మాత్రమే కాబట్టి మూడు వృత్తాలు సరిపోతాయి.

బాణాలు ఎటు వేయాలో గుడ్డిగా కంఠస్థం చేయొద్దు. దశాంశ పద్ధతిలో సంఖ్య చివర ఒక అంకె చేరిస్తే పాత సంఖ్య పదింతలవుతుంది, బైనరీలో రెండింతలవుతుంది. 101 అంటే 5, దాని పక్కన 1 రాస్తే 1011, అంటే రెండు ఐదులు పది, ఒకటి పదకొండు. శేషానికీ ఇదే నడక: రెట్టింపు చేసి, కొత్త అంకె కలిపి, మూడుకు చేరినా దాటినా మూడు తీసేయడం. 0 నుంచి 0తో 0కి, 1తో 1కి. 1 నుంచి 0తో 2కి. 1తో అయితే రెండూ ఒకటీ మూడు, కాబట్టి 0కి. 2 నుంచి 0తో నాలుగు, అంటే 1కి; 1తో ఐదు, అంటే మళ్లీ 2కే. మొదలూ, జోడు గీతా రెండూ 0 వృత్తానికే.

39ని నడిపిద్దాం. బైనరీలో అది 100111. స్థితులు ఇలా మారతాయి:

```
0 → 1 → 2 → 1 → 0 → 1 → 0
```

0లో ఆగింది, అంగీకారం. ఒక చిన్న మెలిక ఉంది. అసలు అంకెలే ఇవ్వకపోయినా ఈ యంత్రం ఒప్పుకుంటుంది, ఎందుకంటే మొదలైన చోటే జోడు గీత ఉంది. అది వద్దనుకుంటే నాలుగో వృత్తం గీసి అక్కడ మొదలుపెట్టాలి. దాని నుంచి 0తో 0 వృత్తానికి, 1తో 1 వృత్తానికి బాణాలు వేయాలి.

నాకు ఈ బొమ్మలో బాగా నచ్చింది వేరే ఉంది. బాణాలన్నిటినీ వెనక్కి తిప్పండి. మామూలుగా ఇలా చేస్తే బొమ్మ చెడుతుంది. మన మొదటి బొమ్మలో 'ఖ'లోకి 0తో మూడు బాణాలు వస్తున్నాయి. తిప్పితే 'ఖ' నుంచి 0కి మూడు దారులు, ఎటు పోవాలో తెలియదు. అలాంటి బొమ్మనైనా ఎటూ సందేహం లేని బొమ్మగా తిరిగి గీయవచ్చని మైఖేల్ రాబిన్, డానా స్కాట్ 1959లో చూపించారు. కాకపోతే వృత్తాలు బాగా పెరిగిపోవచ్చు. మూడు గుణిజాల బొమ్మకు ఆ బాధ లేదు. 0, 1 మధ్య 1తో రానూపోనూ బాణాలున్నాయి, 1, 2 మధ్య 0తో రానూపోనూ ఉన్నాయి. మిగిలిన రెండూ తమ చుట్టూ తామే తిరిగేవి. తిప్పినా అదే బొమ్మ!

అంటే మూడు గుణిజాన్ని బైనరీలో రాసి కుడి నుంచి ఎడమకు చదివినా మూడు గుణిజమే వస్తుంది. 100111ను తిప్పితే 111001, అది 57. ఐదుకు ఐదు వృత్తాలతో ఇలాగే బొమ్మ గీయవచ్చు కానీ ఈ సొగసు ఉండదు: 25 అంటే 11001, తిప్పితే 10011, అంటే 19.