చనిపోయినవారి పేరు తీయించేటప్పుడు బతికున్నవారి పేరు పోకుండా

ఇంట్లో పెద్దదిక్కు పోయినప్పుడు కర్మకాండలు ముగిసేదాకా కాగితాల మాట ఎవరికీ గుర్తు రాదు. అది సహజమే. కాని పెద్దకర్మ అయ్యేసరికి ఒక గడువులో సగం దాటిపోతుంది. మరణం సంగతి 21 రోజుల లోపల నమోదు చేయించాలన్నది చట్టం. ఆ తరువాత 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో నమోదు చేస్తారు. అది కూడా దాటితే ఏడాదిలోపు జిల్లా అధికారి రాతపూర్వక అనుమతి, ఏడాది మించితే మేజిస్ట్రేటు ఉత్తరువు కావాలి. రేషను కార్డు మొదలుకొని పొలం దాకా ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఈ మరణ ధ్రువపత్రమే.

ఎక్కడ నమోదు చేయించాలి? మనిషి ఎక్కడ చనిపోతే అక్కడ. ఇక్కడే చాలామంది పొరపడతారు. మన ఊరివాడే అయినా గుంటూరు ఆసుపత్రిలో కన్ను మూస్తే, నమోదు గుంటూరు నగరపాలక సంస్థలోనే జరుగుతుంది. మన పంచాయతీ కార్యదర్శి చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా ఫలితం ఉండదు. ఆసుపత్రిలో వివరాలు రాయించేటప్పుడు పేరు ఆధార్ కార్డులో ఉన్నట్లే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. తండ్రి పేరు, వయసు కూడా సరిచూసుకోండి. ఎందుకంటారా? వినండి.

ఒక ఇల్లు తీసుకుందాం. తాత సుబ్బయ్య, 78 ఏళ్లు. మనవడు సుబ్బయ్య, 24 ఏళ్లు. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మన ఆచారం గదా! ఇంటిపేరు ఒకటే, గుమ్మం నంబరు ఒకటే. తాత పోయాడు. "సుబ్బయ్య పేరు తీసెయ్యండి" అని ఎవరో నోటిమాటగా చెప్పారు. జాబితాలో రెండు వరుసలున్నాయి. ఏ వరుస కొట్టేస్తారో చెప్పలేం. మనవడు పోలింగు రోజున వెళ్లేదాకా తన పేరు లేదని తెలియదు. నామినేషన్ల చివరి తేదీ దాటిన తరువాత ఆ ఎన్నిక ముగిసేదాకా జాబితాలో ఎవరి పేరూ చేర్చరు, తీయరు. అప్పుడు చేతిలో ఓటరు కార్డు ఉన్నా ఓటు ఉండదు.

కాబట్టి నోటిమాట వద్దు. ఫారం 7 నింపి బూత్ లెవెల్ అధికారికి ఇవ్వండి. మీరూ ఆ నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. ఫారంలో పేరు ఒక్కటే కాదు, తాత ఓటరు కార్డు నంబరు తప్పక రాయండి. పేర్లు కలుస్తాయి గాని నంబర్లు కలవవు. మరణ ధ్రువపత్రం నకలు జతపరచండి, అసలు ఎవరికీ ఇవ్వకండి. అధికారి విచారణకు ఇంటికి వచ్చినప్పుడు మనవణ్ణి ఎదురుగా నిలబెట్టి, "ఈయన ఉన్నాడు, పోయింది పెద్దాయన" అని చెబితే చాలు. తరువాత కొత్త జాబితా వచ్చినప్పుడు రెండు వరుసలూ చూసుకోవాలి. పోయిన పేరు పోయిందా, ఉండవలసిన పేరు ఉందా?

రేషను కార్డుకు దరఖాస్తు ఆంధ్రప్రదేశ్‌లో ఊరి సచివాలయంలో, తెలంగాణలో మీసేవ కేంద్రంలో ఇస్తారు. ఇక్కడ కూడా ఇదే చిక్కు. తీయించేది ఎవరి ఆధారో చివరి నాలుగంకెలు చూపించి నిర్ధారించుకోండి. పొరపాటున మనవడి పేరు తీసేస్తే, తిరిగి చేర్పించడానికి మళ్లీ మొదటినుంచి తిరగాలి. మరి తాత పేరు తీస్తే బియ్యం తగ్గుతాయని కొందరు మౌనంగా ఉండిపోతారు. జాతీయ చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు గనుక ఐదుగురికి 25 కిలోలు వచ్చే ఇంటికి 20 వస్తాయి. తగ్గేది అంతే. అంత్యోదయ కార్డయితే కుటుంబానికి 35 కిలోలు లెక్క గనుక ఒకరు పోయినంతమాత్రాన తగ్గవు. కార్డే రద్దవుతుందన్న భయమూ అక్కర్లేదు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం ఇంట్లో 18 ఏళ్లు నిండిన ఆడవారిలో పెద్దామె కార్డుకు యజమానురాలు. ఆమె పోతే తరువాతి పెద్దామె ఆ స్థానంలోకి వస్తుంది.

పొలం సంగతి వేరు. అక్కడ పేరు తీయించడం కాదు, వారసుల పేర్లు ఎక్కించడం. మరణ ధ్రువపత్రంతో పాటు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కూడా పెట్టి తహసీల్దారుకు దరఖాస్తు చేయాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ముందే కూర్చుని మాట్లాడుకుంటే మంచిది. ఇది తేలేదాకా ఆగకుండా, తాత పేరున కిసాన్ సమ్మాన్ సొమ్ము వస్తుంటే మరణం సంగతి వెంటనే మీ వ్యవసాయ సిబ్బందికి చెప్పండి. పోయినవారి ఖాతాలో పడిన వాయిదాలు తిరిగి కట్టవలసి వస్తుంది. 2019 ఫిబ్రవరి 1 తరువాత భూమి వచ్చినవారికి ఆ పథకంలో ఆంక్ష ఉన్నా, మరణం వల్ల వారసత్వంగా వచ్చిన భూమికి అది అడ్డు రాదు. పట్టా తన పేరున మారాక, మిగతా అర్హతలుంటే, వారసుడు తన పేరున కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు.