తైబందీ లేని చెరువు ఎవలిది?

అందరిదైన సొమ్మును అందరూ వాడుకునుడే తప్ప కాపాడేటోడు లేకుంటే అది ఆగమైతది. 1968ల గారెట్ హార్డిన్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్నే ‘ఉమ్మడి వనరుల విషాదం’ అన్నడు. ఆ లెక్క మన చెరువు కింద చూద్దాం.

40 మంది రైతులు, తలా ఎకరం అనుకుందాం. యాసంగికి చెరువుల 20 ఎకరాల నీళ్లే ఉన్నయి. తలా 20 గుంటలు నాటుకుంటే అందరి వరి పండుతది. కానీ నేనొక్కన్ని ఎకరమంతా నాటితే? ఎక్కువొచ్చే 20 గుంటల పంట నాదే. తగ్గే నీళ్ల నష్టం మాత్రం 40 మంది మీద పడతది, నా వంతుకు అర గుంటంతే. నాకు లాభమే గదా! అందరూ గదే లెక్క ఏసుకుంటే 40 ఎకరాలు నాటుపడతది. వరి పొట్టకొచ్చే యాళ్లకు చెరువు ఎండుతది. అందరి పంటా పోతది.

దీనికి మన పెద్దలు పెట్టిన కట్టుబాటే తైబందీ. చెరువుల నీళ్లు చూసి, ఈసారి ఎంత భూమి నాటాలెనో ఊరు కూసొని తేల్చేది. తూము తీసుడు, మూసుడు నీరటి చేతుల ఉండేది. జనం ఇట్ల సొంత కట్టుబాట్లతోని ఉమ్మడి వనరులను కాపాడుకోగలరని చూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009ల అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇప్పుడు చెరువు పక్కపొంటి బోర్లు పడ్డయి. అవి గుంజేది గూడ ఉమ్మడి నీళ్లే, కానీ బోరుకు నీరటి లేడు. భూమి కింది నీళ్లకు గూడ ఊరు కూసొని తైబందీ చెయ్యాలె. లేకుంటే ఎవల బోరు లోతుంటే నీళ్లు వాళ్లయే.