గురువారం ఎటు ఉంటే వారం అటే

2027 జనవరి 1 శుక్రవారం. గోడ మీద కొత్త క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. ఆ రోజే జర్మనీలో ఏదైనా కర్మాగారం ఉత్పత్తి ప్రణాళిక తెరిచి చూస్తే మాత్రం, ఆ శుక్రవారం 2026లోని 53వ వారంలో కనిపిస్తుంది. రెండో తేదీ శనివారం, మూడో తేదీ ఆదివారం కూడా అక్కడే ఉంటాయి. వారాల లెక్కలో 2027 మొదలయ్యేది నాలుగో తేదీ సోమవారం.

ఇది పొరపాటు కాదు, ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పే లెక్క. తేదీలనూ సమయాన్నీ ఎలా రాయాలో చెప్పే ఆ ప్రమాణం 1988లో వచ్చింది. అందులోనే సంవత్సరంలోని వారాలకు వరుస సంఖ్యలు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. స్వీడన్‌లో బడి పిల్లల శీతాకాలపు సెలవులు ఏ తేదీల్లో అని కాక ఎన్నో వారంలో అని మాట్లాడుకుంటారు. జర్మనీలో సరుకు ఎప్పుడు వస్తుందని అడిగితే వారం సంఖ్యే జవాబుగా రావచ్చు. అక్కడి కంపెనీలతో కలిసి పనిచేసే హైదరాబాద్ ఇంజనీర్లకు ‘సీడబ్ల్యూ 14’ లాంటి మాటలు మెయిళ్లలో అలవాటే. పద్నాలుగో క్యాలెండర్ వారం అని దాని అర్థం. మనకు రోజువారీ జీవితంలో ఈ అలవాటు లేదు కాబట్టి, జనవరి మొదటి తేదీ పాత సంవత్సరంలో కనబడగానే కంప్యూటర్ తప్పు చెప్పిందనుకుంటాం.

చిక్కంతా ఒక చిన్న భాగాహారంలో ఉంది. 365ను ఏడుతో భాగిస్తే 52 వారాలు పోగా ఒక రోజు మిగులుతుంది. లీపు సంవత్సరమైతే రెండు రోజులు మిగులుతాయి. అందువల్ల చాలా సంవత్సరాలు వారం మధ్యలోనే ముగుస్తాయి. అలా మధ్యలో చిక్కుకున్న వారాన్ని ఏం చేయాలి? రెండే దారులు. డిసెంబరు 31 దగ్గర వారాన్ని కోసెయ్యాలి, లేదా వారాన్ని కోయకుండా మొత్తంగా ఒక సంవత్సరానికి అప్పగించాలి.

కోసే పద్ధతి మనకు తెలియకుండానే మన చేతిలో ఉంది. ఎక్సెల్‌లోని `WEEKNUM` మామూలుగా చేసేది అదే. దానికి వారం ఆదివారం మొదలవుతుంది, జనవరి 1 ఏ రోజు వచ్చినా అది ఒకటో వారమే. ఆ లెక్కలో 2026 చివరి వారం డిసెంబరు 27 ఆదివారం మొదలై 31 గురువారంతో ఆగిపోతుంది. అంటే దానికి ఐదే రోజులు. 2027 ఒకటో వారానికి శుక్ర, శనివారాలు రెండే మిగులుతాయి. ఒక దుకాణం అమ్మకాలను వారం వారం గీతగా గీస్తే, జనవరి ఆరంభంలో గీత ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. అక్కడ వ్యాపారం తగ్గలేదు, వారమే రెండు రోజులకు కుదించుకుపోయింది. గీత చూసి కారణాలు వెతికేవారికి ఈ సంగతి తట్టకపోతే అర్థం లేని నిర్ణయాలు తీసుకుంటారు.

ఐఎస్ఓ రెండో దారి పట్టింది. వారం సోమవారం మొదలై ఆదివారం ముగుస్తుంది, ఎప్పుడూ ఏడు రోజులే ఉంటుంది. సంవత్సరం మారినా దాన్ని ముక్కలు చేయరు. మరి రెండు సంవత్సరాల మధ్య చిక్కుకున్న వారం ఎవరిది? ఎక్కువ రోజులు ఎటు ఉంటే అటు. ఏడు రోజుల్లో ఎక్కువ అంటే కనీసం నాలుగు. సోమవారం నుంచి లెక్కపెడితే నాలుగో రోజు గురువారం, సరిగ్గా నడిమి రోజు. అది ఏ సంవత్సరంలో ఉంటే కనీసం నాలుగు రోజులు ఆ సంవత్సరంలోనే ఉన్నట్టు. అందుకని రోజులు లెక్కపెట్టనక్కరలేదు, గురువారాన్ని చూస్తే చాలు.

పంచాంగం చూసే అలవాటున్నవారికి ఈ ఆలోచన కొత్తది కాదు. తిథి మధ్యాహ్నమైనా మారవచ్చు, అర్ధరాత్రయినా మారవచ్చు. అయినా రోజును రెండుగా చీల్చకుండా, సాధారణంగా సూర్యోదయానికి ఉన్న తిథినే ఆ రోజుకు చెప్పుకుంటాం. రోజుకు సూర్యోదయం చేసే పనిని ఇక్కడ వారానికి గురువారం చేస్తుంది.

2026 ఈ పద్ధతిని అర్థం చేసుకోవడానికి చాలా మంచి సంవత్సరం, ఎందుకంటే దానికి రెండు కొసల్లోనూ ఇదే జరుగుతుంది. దాని జనవరి 1 గురువారం. కాబట్టి ఆ గురువారం ఉన్న వారమంతా 2026దే. ఆ వారం మొదలయ్యేది 2025 డిసెంబరు 29 సోమవారం. అలా 2025లోని చివరి మూడు రోజులు 2026 ఒకటో వారంలోకి వచ్చి చేరాయి. ఇక రెండో కొస చూద్దాం. 2026 డిసెంబరు 31 కూడా గురువారమే. కాబట్టి డిసెంబరు 28 సోమవారం నుంచి జనవరి 3 ఆదివారం దాకా ఉన్న వారం కూడా 2026దే. 2027లోని మొదటి మూడు రోజులు ఇటు వచ్చాయి. ముందు మూడు, వెనుక మూడు కలిపితే 365 కాస్తా 371 అవుతుంది. దాన్ని ఏడుతో భాగిస్తే సరిగ్గా 53 వారాలు.

జనవరి 1 గురువారం వచ్చిన ప్రతి సంవత్సరానికీ ఇలా 53 వారాలుంటాయి. బుధవారం మొదలైన లీపు సంవత్సరానికి కూడా అంతే, 2020 అలాంటిదే. మిగిలిన వాటికి 52. మన క్యాలెండర్ 400 సంవత్సరాలకొకసారి వారాలతో సహా మొదటికి వస్తుంది. ఆ 400లో 53 వారాలవి 71. అంటే సగటున ఐదారేళ్లకొకటి. కొన్నేళ్లుగా నడుస్తున్న ఒక సాఫ్ట్‌వేర్‌లో ఈ తప్పు అప్పుడప్పుడే బయటపడటానికి ఇదొక కారణం. రాసినవారు రెండు మూడు జనవరులు చూసి అంతా బాగానే ఉందనుకుంటారు.

ఏ తప్పు అంటారా? వారం సంఖ్యను ఐఎస్ఓ నుంచి, సంవత్సరాన్ని మామూలు క్యాలెండర్ నుంచి తీసుకుని రెంటినీ అతికించడం. లైనక్స్‌లో ఈ రెండు ఆదేశాలూ ఇచ్చి చూడవచ్చు.

```
$ date -d 2027-01-01 +%Y-W%V
2027-W53
$ date -d 2027-01-01 +%G-W%V
2026-W53
```

`%V` ఐఎస్ఓ వారం. `%Y` మామూలు సంవత్సరం. `%G` ఆ వారం ఎవరిదో ఆ సంవత్సరం, దాన్ని వార సంవత్సరం అందాం. మొదటి జవాబు తప్పు. 2027లో అసలు 53వ వారమే లేదు. ఆ శుక్రవారం నమోదైన బిల్లులన్నీ పట్టికలో 2027 డిసెంబరు తర్వాతి స్థానానికి వెళ్లి కూర్చుంటాయి. లేని వారం కాబట్టి ఎవరో ఒకరు గమనిస్తారనుకోవచ్చు. దీనికి ఎదురు తప్పు ఇంకా ప్రమాదం. 2025 డిసెంబరు 29ని అలాగే అతికిస్తే `2025-W01` వస్తుంది. అది నిజంగానే ఉన్న వారం. ఏడాది కిందటి జనవరి ఆరంభం. డిసెంబరు చివరి మూడు రోజుల అమ్మకాలు చప్పుడు చేయకుండా ఆ పాత వారంలో కలిసిపోతాయి. మొత్తం కూడితే లెక్క సరిపోతుంది, అందుకే ఆడిట్‌లో కూడా దొరక్కపోవచ్చు.

మామూలు తేదీ రాయాల్సిన చోట వార సంవత్సరం వాడితే ఇంకో రకం తప్పు జరుగుతుంది. 2014 డిసెంబరు 29న ట్విటర్‌కు ఇలాంటిదే ఎదురైంది. ఆ సోమవారం ఐఎస్ఓ లెక్కలో 2015 ఒకటో వారానిది. సర్వర్లు రోజూ నెలా సరిగ్గానే చెప్పి, సంవత్సరం మాత్రం 2015 అని పంపడం మొదలుపెట్టాయి. ఎంతోమంది ఆండ్రాయిడ్ వాడుకరులు తమ ఖాతాల నుంచి బయటికి నెట్టివేయబడ్డారు. జావాలో పనిచేసేవారికి ఈ గుంట మరీ దగ్గరలో ఉంటుంది. అక్కడ చిన్న అక్షరాల `yyyy` మామూలు సంవత్సరం, పెద్ద అక్షరాల `YYYY` వార సంవత్సరం. ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ రెండూ ఒకే జవాబిస్తాయి. పైగా అమెరికా అమరికలో ఉంటే జావా వారాన్ని ఆదివారం నుంచి లెక్కపెడుతుంది కాబట్టి, జవాబు ఐఎస్ఓతో కూడా కలవకపోవచ్చు.

ఎక్సెల్‌లో పనిచేసేవారికి మందు సులభం. వారం సంఖ్యకు `ISOWEEKNUM` ఉంది. వార సంవత్సరానికి విడిగా ఏమీ లేదు గానీ, గురువారం సూత్రాన్నే అక్షరాలా రాసేయవచ్చు. తేదీ `A1` గడిలో ఉందనుకుంటే:

```
=YEAR(A1-WEEKDAY(A1,2)+4)
```

ఇది ఆ తేదీ నుంచి అదే వారంలోని గురువారానికి జరిగి, ఆ గురువారం ఏ సంవత్సరంలో ఉందో చెబుతుంది. 2027 జనవరి 1తో చేసి చూద్దాం. శుక్రవారం వారంలో ఐదో రోజు. ఐదు తీసేసి నాలుగు కలిపితే ఒక రోజు వెనక్కి, 2026 డిసెంబరు 31కి వెళతాం. జవాబు 2026. ఈ రెంటినీ పక్కపక్కన రెండు నిలువు వరుసల్లో ఉంచుకుని, నివేదికల్లో వారాన్ని ఎప్పుడూ వార సంవత్సరంతో కలిపే చూపిస్తే పైన చెప్పిన కలగాపులగం జరగదు.

అయితే ఈ పద్ధతితో తీరని ఇబ్బందులూ ఉన్నాయి. వారాలు నెలల్లో ఇమడవు, మూడు నెలల లెక్కల్లోనూ ఇమడవు. జీతాలకూ పన్నులకూ తేదీనే చూడాలి, వారాన్ని కాదు. 2026 మొత్తాన్ని 2027 మొత్తంతో వారాల్లో పోల్చితే 371 రోజులను 364 రోజులతో పోల్చినట్టవుతుంది. అమ్మకాలు తగ్గాయని తేల్చేముందు ఆ అదనపు వారాన్ని పక్కన పెట్టాలి. వారం సంఖ్య చెప్పే అందరూ ఐఎస్ఓనే పాటిస్తారనీ అనుకోకూడదు. అమెరికాలో వ్యాధుల నివేదికలకు వాడే వారాల్లోనూ ఎక్కువ రోజులు ఎటు ఉంటే అటే అనే నియమం ఉంది గానీ, అక్కడ వారం ఆదివారం మొదలవుతుంది. కాబట్టి నిర్ణయించే రోజు బుధవారం అవుతుంది. రెండు చోట్ల నుంచి వచ్చిన ‘ఒకటో వారం’ అంకెలను కలిపేముందు వారం ఏ రోజు మొదలైందో అడగడం తప్పనిసరి.

చేతిలో కంప్యూటర్ లేకపోయినా సరిచూసుకోవడానికి రెండు తేదీలు గుర్తుంటే చాలు. జనవరి 4 ఎప్పుడూ ఒకటో వారంలోనే ఉంటుంది. డిసెంబరు 28 ఎప్పుడూ ఆఖరి వారంలోనే ఉంటుంది. జనవరి 1 సోమవారం నుంచి గురువారం లోపు వస్తే నాలుగో తేదీ ఆ వారంలోనే పడుతుంది. శుక్ర, శని, ఆదివారాల్లో వస్తే ఆ రోజులు పాత సంవత్సరానికి పోయి, నాలుగో తేదీ తర్వాతి వారంలోకి, అంటే కొత్త సంవత్సరపు మొదటి వారంలోకి వస్తుంది. 2028లో జనవరి 1 శనివారం కాబట్టి మొదటి రెండు రోజులు 2027లోని 52వ వారానికి చెందుతాయి. 2029 జనవరి 1 సోమవారం, ఆ ఏడు రెండు లెక్కలూ ఒకే రోజు మొదలవుతాయి. కొత్తగా రాసిన ప్రోగ్రాంను పరీక్షించేవారు 2025 డిసెంబరు 29, 2027 జనవరి 1, 2028 జనవరి 2 తేదీలు ఇచ్చి చూడాలి. `2026-W01`, `2026-W53`, `2027-W52` అని వరసగా రాకపోతే లోపల ఎక్కడో రెండు సంవత్సరాలు కలిసిపోయినట్టే.