స్థలం కొని మెల్లగా కట్టుకోవాలంటే

ఒంగోలు లాంటి ఊళ్లో ఒక జంట ఇల్లు వెతుకుతున్నారనుకుందాం. చేతిలో 15 లక్షలున్నాయి, అద్దె నెలకు 10 వేలు. 50 లక్షలకు కట్టి సిద్ధంగా ఉన్న ఫ్లాటు ఒకటి, 27 లక్షలకు 150 గజాల స్థలం ఒకటి చూశారు. సలహాలు ఉచితంగా వచ్చాయి.

ఫ్లాటు లెక్క తేలిక. 35 లక్షల అప్పుకు ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే కిస్తీ దాదాపు 30,400. చేరిన నెల నుంచి అద్దె ఉండదు. కాకపోతే నేలలో మన అవిభాజ్య వాటా నలభై గజాలో, ముప్పయ్యో. ఎన్ని గజాలన్నది దస్తావేజులో రాసి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

స్థలానికి 12 లక్షల అప్పు చాలు. తొమ్మిది శాతం వడ్డీకి, 15 ఏళ్లకు కిస్తీ 12,200. అద్దె కలిపినా 22,200. చాలామంది లెక్క ఇక్కడే ఆపి స్వీట్లు పంచుతారు.

అసలు బరువు ఆ తర్వాత ఉంది. 900 అడుగుల ఇంటికి అడుగు 2,000 చొప్పున 18 లక్షలు కావాలి. అదీ ఫ్లాటు అప్పు వడ్డీకే, గడువుకే తీసుకున్నారనుకుందాం. ఆ అప్పును బ్యాంకు పునాది, శ్లాబు, ప్లాస్టరింగు అంటూ దశలవారీగా ఇస్తుంది. పని అయ్యాక బ్యాంకు డబ్బు, పని కాకముందే మేస్త్రీకి డబ్బు. మధ్యలో తిప్పడానికి చేతిలో రెండు మూడు లక్షలు లేకపోతే పిల్లర్లు లేచాక పని ఆగిపోతుంది. మొదట్లో విడుదలైన సొమ్ముకు వడ్డీ కడితే సరిపోతుంది. పని సాగి పూర్తి కిస్తీ 15,600 మొదలైతే, రెండు కిస్తీలూ అద్దే కలిపి నెలకు 38 వేలకు దగ్గరవుతుంది. ఇంట్లోకి చేరాక మాత్రం 27,800. అంటే ఫ్లాటు కంటే తక్కువే, నేలంతా మనదే.

అందుకే ‘మెల్లగా’ అంటే అన్ని పనులూ సగం సగం చేయడం కాదు. పునాది, పిల్లర్లు రెండంతస్తులకు సరిపడేలా ఇంజినీరుతో మొదటే గీయించి, కింది భాగం తలుపులు, నీళ్లు, కరెంటుతో సహా పూర్తిచేసి అద్దె మానేయాలి. పై అంతస్తు ఆగవచ్చు. అందాకా పైకి వదిలిన చువ్వలు తుప్పు పట్టకుండా పలచటి కాంక్రీటుతో కప్పాలి. ఖాళీ సీసాలు బోర్లించడం మన ఊళ్ల ఆనవాయితీయే గానీ, వానకు అది అడ్డు కాదు.

స్థలం అనుమతి ఉన్న లేఅవుట్‌లో లేకపోతే ప్లానుకూ తిప్పలే, బ్యాంకు అప్పుకూ తిప్పలే. లింకు దస్తావేజులు, ఈసీ, నిషేధిత భూముల జాబితా చూశాకే బయానా ఇవ్వండి.

ఏడాదిపాటు 38 వేలు మోయగలిగి, రోజూ పని దగ్గర నిలబడే మనిషి ఇంట్లో ఉంటే స్థలమే కొనండి. ఈ రెండింట్లో ఏది లేకపోయినా ఫ్లాటే మేలు.